పేరంటాళ్లు వచ్చేలోపే పొగ పోవాలి

వరలక్ష్మీ వ్రతం నాటి సాయంత్రం పేరంటానికి వెళితే, కొన్ని ఇళ్లలో గుమ్మం దగ్గరే ముక్కు మండుతుంది. పొద్దున పూజకు వెలిగించిన అగరొత్తులకు తోడు మధ్యాహ్నం మరో నాలుగు వెలుగుతాయి, హాల్లో సాంబ్రాణి కప్పు పొగలు కక్కుతుంటుంది. శ్రావణం కాబట్టి జల్లు కొడుతుందని కిటికీలు మూసేసి ఉంటాయి. ఇంటావిడకు మాత్రం ఇదేమీ తెలియదు. ఒకే వాసనలో కాసేపు ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. వాసన తగ్గిపోయిందనుకుని ఆవిడ ఇంకో రెండు వెలిగిస్తుంది. అందుకే వాసన ఎంతుందో ఇంట్లో కూర్చుని తేల్చుకోకూడదు. ఓ పావుగంట మేడ మీద గాలికి తిరిగి వచ్చి, గుమ్మంలో నిలబడి చూసుకోవాలి.

నా దృష్టిలో అసలు కిటుకు వేళలో ఉంది. పేరంటం అయిదింటికి అనుకుంటే సాంబ్రాణి పని నాలుగింటికల్లా ముగియాలి. సాంబ్రాణి చెట్టు నుంచి కారే బంక. తగుమాత్రం వేడి తగిలితే అందులోని పరిమళం ఆవిరై పైకి లేస్తుంది, వేడి మితిమీరితే బంకే కాలిపోతుంది. బొగ్గు ఎర్రగా భగభగలాడుతుండగా పొడి చల్లితే నల్లటి పొగ, ఘాటు, కళ్ల మంట తప్పవు. నిప్పు మీద తెల్లటి బూడిద పొర కట్టేదాకా ఆగి, అప్పుడు శనగబద్దంత వేయండి. పొగ తెల్లగా, సన్నగా లేచిందంటే వేడి సరిపోయినట్టే. ధూపపాత్రను గదికో నిమిషం చొప్పున తిప్పి, వెంటనే బాల్కనీలో పెట్టేయాలి. మూసిన గదిలో బొగ్గు నిప్పులు ఉంచడం ప్రమాదం కూడా, వాటి నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. ఆ తర్వాత ఎదురెదురు కిటికీలు అరగంట తెరిచి ఉంచాలి. పొగ బయటికి పోతుంది, కర్టెన్లకూ దిండ్లకూ పట్టిన పరిమళం మిగులుతుంది. వచ్చినవాళ్లకు అది చాలు.

ఇక అయిదింటి నుంచి పని పూలదే. శ్రావణానికి మల్లెలు తగ్గుముఖం పడతాయి, జాజులు దొరుకుతాయి. పొద్దునే మొగ్గలు కొని తడిగుడ్డలో చుట్టి ఉంచితే, సాయంత్రం విచ్చుకుంటూ అప్పుడే వాసన వదులుతాయి. హాల్లో ఘాటైన పూలు ఒక్క రకమే ఉంచండి. జాజులున్న చోట సంపెంగలు వద్దు. అలంకారానికి నిండుగా కావాలంటే చామంతి, కనకాంబరం ఉన్నాయి. కనకాంబరానికి వాసనే ఉండదు కాబట్టి ఎన్ని మూరలు కట్టినా ఇబ్బంది లేదు. లిల్లీ దండలతో మాత్రం జాగ్రత్త. పొద్దు వాలేకొద్దీ వాటి వాసన పెరుగుతుంది. ఏసీ వేసి తలుపులు మూసిన చిన్న హాల్లో రెండు దండలుంటే, ఏడు గంటలకు ఎవరో ఒకరు తల పట్టుకుంటారు. వాటిని బయటి గుమ్మానికి కట్టండి.

పేరంటం పద్ధతిని గమనిస్తే మన పెద్దవాళ్లు పరిమళాన్ని గదికి కాక మనిషికి ఇచ్చారని తెలుస్తుంది. మెడకు గంధం, తల్లో పూలు, పైన నాలుగు చుక్కల పన్నీరు. ఇవేవీ పక్కవాళ్లను ఇబ్బంది పెట్టవు, ఇష్టం లేనివాళ్లు వద్దనవచ్చు. ఆ పద్ధతి ఇవాళ్టి రెండు గదుల ఫ్లాట్లకు ఇంకా బాగా నప్పుతుంది. సాన మీద అప్పటికప్పుడు అరగదీసిన గంధం ఉంటే అగరొత్తుల అవసరం కనిపించదు. తాంబూలంలో ఓ మరువం రెమ్మ పెట్టండి. నలిపితేనే అది గుప్పుమంటుంది, అంతదాకా ఎవరి జోలికీ రాదు.

వంటింటి సంగతి వేరు. పులిహోర పోపు, బొబ్బట్ల మీద నెయ్యి పండగ వాసనలే. వాటి మీద అగరుపొగ కలిస్తే రెండూ చెడతాయి, కాబట్టి భోజనాల వైపు ఏ ధూపమూ వద్దు. గారెలు వేయించిన నూనె వాసన వదలకపోతే, రెండు గ్లాసుల నీళ్లలో నాలుగు దంచిన యాలకులు, చిన్న దాల్చినచెక్క, ఒక నిమ్మతొక్క వేసి సన్నని సెగన పావుగంట మరిగించండి. లవంగం ఒకటి దాటితే మిగతావన్నీ మరుగున పడతాయి. నీళ్లు ఇంకిపోయి అడుగంటితే మాడు వాసన రాత్రిదాకా వదలదు, గిన్నె దగ్గరే ఉండాలి.

వచ్చేవాళ్లలో ఉబ్బసం ఉన్నవాళ్లో, చంటిబిడ్డల తల్లులో ఉన్నారని తెలిస్తే ఆ పూట ధూపం పూర్తిగా మానేయండి. అగరొత్తి ఎంత ఖరీదైనదైనా దాని పొగలోని సన్నని నుసి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. అమ్మవారి ముందు దీపం, జాజిదండ ఉంచి, హారతి కర్పూరం వాళ్లు రాకముందే వెలిగించి కిటికీ తీసేయండి.