కొత్తది, బాగుచేసినది, ఇంకా బాగుకానిది

2018 అక్టోబరు 2న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కి ఒక పెద్ద అప్‌డేట్ విడుదల చేసింది. దాని వెర్షన్ సంఖ్య 1809. వారం తిరగకుండానే దాన్ని ఆపేయాల్సి వచ్చింది. అప్‌డేట్ వేసుకున్నవాళ్లలో కొందరికి ఫొటోలు, పత్రాలు మాయమయ్యాయి. బాధితుల ఫిర్యాదులు మొత్తంలో పదివేలకు ఒకటి చొప్పునే ఉన్నాయని సంస్థ చెప్పింది. పోగొట్టుకున్నవాళ్లకు ఆ లెక్క ఏ ఊరటా ఇవ్వదు.

ఫైళ్లు పోవడానికి కారణం వైరస్ కాదు, అంతకుముందు దొర్లిన చిన్న తప్పును సరిదిద్దిన ప్రయత్నమే. చాలామంది సి డ్రైవ్ నిండిపోతుందని డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను డి డ్రైవ్‌కి మార్చుకుంటారు. అలా మార్చుకున్న కొన్ని కంప్యూటర్లలో, అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన అప్‌డేట్ తర్వాత, అవే పేర్లతో ఖాళీ ఫోల్డర్లు అదనంగా కనిపించసాగాయి. అవి ఎందుకొచ్చాయని జనం అడిగారు. సరే తీసేద్దామని 1809లో పాత చోట ఉన్న ఫోల్డర్‌ను తొలగించే ఏర్పాటు చేశారు. అయితే ఫోల్డర్‌ను డి డ్రైవ్‌కి మార్చినా, పాత ఫైళ్లను అక్కడికి తరలించకుండా సి డ్రైవ్‌లోనే వదిలేసినవాళ్లు కొందరున్నారు. వాళ్ల పాత ఫోల్డర్ ఖాళీది కాదు. ఫోల్డర్‌తో పాటు ఫైళ్లూ పోయాయి.

అప్‌డేట్‌తో పాటు వచ్చే వివరాల పత్రాన్ని రిలీజ్ నోట్స్ అంటారు. అందులో కొత్త సదుపాయాలు, సరిచేసిన లోపాలు, ఇంకా మిగిలి ఉన్న సమస్యలు వేరువేరుగా ఎందుకుండాలో ఈ ఉదంతం చెప్పినంత బాగా మరొకటి చెప్పలేదు. 1809లో నిజంగానే మంచి కొత్త సదుపాయం ఒకటుంది. దాన్ని ఆన్ చేసుకున్నాక విండోస్ గుర్తు మీటను, V మీటను కలిపి నొక్కితే ఇటీవల కాపీ చేసినవి వరుసగా కనిపిస్తాయి. అది మొదటి భాగంలో ఉండాలి. దాని గురించి రెండు వాక్యాలు చాలు: ఏం చేయవచ్చు, ఎక్కడ నొక్కాలి. చదవకపోయినా ఎవరికీ నష్టం లేదు.

రెండో భాగం దగ్గరే రాసేవాళ్లు ఎక్కువగా తడబడతారు. ప్రోగ్రామర్ తాను కోడ్‌లో ఏం మార్చాడో రాస్తాడు. చదివేవాళ్లకు కావలసింది, తాము తెరమీద చూసిన ఇబ్బంది పోయిందా లేదా అన్నది. పై మార్పును నేనైతే ఇలా రాస్తాను:

“డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌కి మార్చుకున్నవారికి అదే పేరుతో మరో ఫోల్డర్ కనిపిస్తోంది. ఈ అప్‌డేట్ పాత చోట ఉన్న ఫోల్డర్‌ను తొలగిస్తుంది.”

ఆ రెండో వాక్యమే ప్రాణం. సరిచేయడంలో భాగంగా దేన్నైనా తొలగిస్తుంటే ఆ మాట దాచకూడదు. “తొలగిస్తుంది” అన్న మాట కనబడితే, పాత ఫోల్డర్‌లో ఫైళ్లున్న మనిషి ఆగి ఒకసారి చూసుకుంటాడు. “ఫోల్డర్ల నిర్వహణ మెరుగుపరిచాం” అని రాస్తే ఎవరూ ఆగరు.

ఇక మూడో భాగం. విడుదల నాటికి తెలియని సమస్య అందులో ఉండదు కాబట్టి, అది ఒకసారి రాసి వదిలేసే భాగం కాదు. కొత్త విషయం తెలిసిన రోజే తేదీ వేసి చేర్చాలి. ఎవరికి వస్తుంది, వస్తే ఏం కనిపిస్తుంది, అంతవరకు ఏం చేయాలి అన్న మూడు ప్రశ్నలకూ జవాబుండాలి. ఫైళ్లు పోయిన సంగతి ఆ భాగంలో ఇలా ఉంటే సరిపోయేది:

“అక్టోబరు 6: డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను వేరే చోటికి మార్చుకుని, పాత చోట ఫైళ్లు ఉంచుకున్నవారు ఈ అప్‌డేట్ వేయకండి. ఇప్పటికే ఫైళ్లు పోయి ఉంటే కంప్యూటర్‌ను వీలైనంత తక్కువగా వాడి, మమ్మల్ని సంప్రదించండి.”

తక్కువగా వాడమనడం ఎందుకంటే, తొలగించిన ఫైలు డిస్క్ మీద వెంటనే చెరిగిపోకపోవచ్చు. ఆ స్థలంలో కొత్తది రాసేదాకా తిరిగి దొరికే అవకాశముంటుంది. మైక్రోసాఫ్ట్ కూడా అప్పట్లో బాధితులకు ఈ సలహానే ఇచ్చింది.

ముందస్తు పరీక్షల్లో పాల్గొన్న కొందరు విడుదలకు ముందే ఫైళ్లు పోతున్నాయని చెప్పారు. ఆ ఫిర్యాదులు తక్కువ కావడంతో గుంపులో కలిసిపోయాయి. ఆ తర్వాతే, సమస్య ఎంత తీవ్రమైనదో ఫిర్యాదులోనే చెప్పే వీలు కల్పించారు. లోపం సరిచేసిన 1809 నవంబరు 13న మళ్లీ వచ్చింది. 2019లో విండోస్ తెలిసిన సమస్యలను, వాటి పరిస్థితిని చూపే పేజీ కూడా పెట్టారు.

పెద్ద అప్‌డేట్ రాగానే వేసుకోకుండా వారం పది రోజులు ఆగండి. తర్వాత రిలీజ్ నోట్స్‌ను చివరి నుంచి చదవండి. మిగిలిన సమస్యల్లో మీ ప్రింటరో, మీ ఫోన్ మోడలో, మీరు ఫైళ్లు దాచుకున్న పద్ధతో కనబడితే ఆ సమస్య తీరిందని రాసేవరకు ఆగండి. కనబడకపోయినా, ముఖ్యమైన ఫైళ్లను విడిగా మరో డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాకే అప్‌డేట్ నొక్కండి.