రివ్యూయర్‌కు జవాబు: ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో

జర్నల్ నుంచి ‘మేజర్ రివిజన్’ అని మెయిల్ వస్తుంది. దాని కింద ఇద్దరు ముగ్గురు రివ్యూయర్ల అభ్యంతరాలు ఉంటాయి. వాటికి రాయాల్సిన జవాబు గురించి మన పరిశోధక విద్యార్థుల్లో కొన్ని అపోహలు గట్టిగా పాతుకుపోయాయి. వాటివల్ల మంచి పేపర్లు కూడా వెనక్కి వస్తున్నాయి. చర్చ గాలిలో తేలిపోకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో తాగునీటికీ కిడ్నీ జబ్బుకూ సంబంధం ఉందా అని ఒక బృందం సర్వే చేసి పేపర్ పంపిందనుకోండి. రివ్యూయర్ మూడు అభ్యంతరాలు లేవనెత్తారు: ఒక్కసారి రక్తపరీక్షతో జబ్బు దీర్ఘకాలికమని ఎలా చెబుతారు? నీరే కారణమని ఎలా తేల్చారు? బయాప్సీ ఎందుకు చేయలేదు?

అపోహ: తెలుగులో రాసుకుని మళ్లీ ఇంగ్లీషులో రాయడం రెండింతల పని.

వాస్తవం: అక్షరదోషాలకు, బొమ్మల కింది పేర్లకు తెలుగు చిత్తుప్రతి అక్కర్లేదు. సరిదిద్దామని నేరుగా ఇంగ్లీషులో ఒక ముక్క రాస్తే చాలు. వాదన ఉన్న చోటే తెలుగు పనికొస్తుంది. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే చేతికి ముందు వచ్చేవి పాత లేఖల్లోని రెడీమేడ్ వాక్యాలు. రివ్యూయర్‌కు కృతజ్ఞతలు, సూచన విలువైనది, తగిన మార్పులు చేశాం. ఇంతకీ ఒప్పుకున్నారా, కాదన్నారా? అది రాసినవారికే తెలియదు. తెలుగులో ‘ఆయన అడిగింది ఇది, మనం చేసింది ఇది, ఇక్కడ ఆయన మాట నిజం, ఇక్కడ కాదు’ అని రాసుకుంటే ఆ విషయం ముందు మనకు తేలుతుంది.

అపోహ: తెలుగు ప్రతిని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించితే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మొదటి అభ్యంతరం చూడండి. కిడ్నీ జబ్బును దీర్ఘకాలికమనాలంటే లోపం కనీసం మూడు నెలలు కొనసాగినట్టు తేలాలి. మన బృందం మూడు నెలలు దాటాక రెండో పరీక్ష చేసింది. ఆ సంగతి పేపర్లో ఉంది కానీ ఒక పొడుగాటి పేరా చివర దాగి ఉంది. చిత్తుప్రతిలో సహజంగా ఇలా వస్తుంది: ‘ఈ విషయం మేము ముందే స్పష్టంగా రాశాం, మీరు గమనించలేదు.’ తెలుగులో ‘మీరు’ అనగానే కొంత మర్యాద చేరుతుంది. ఇంగ్లీషు ‘యూ’లో ఆ మర్యాద లేదు, మిగిలేది నింద ఒక్కటే. అందుకని ఇంగ్లీషు జోలికి పోకముందే తెలుగు వాక్యాన్నే తిరగరాయాలి: ‘తక్కువ ఫలితం వచ్చినవారందరికీ మూడు నెలలు దాటాక మళ్లీ పరీక్ష చేశాం. రెండుసార్లూ ఈజీఎఫ్ఆర్ 60 కన్నా తక్కువ ఉన్నవారినే లెక్కించాం. మా రాతలో ఇది తేలిగ్గా కనబడేలా లేదు. ఇప్పుడు దీన్ని పద్ధతుల విభాగం మొదట్లోనే పెట్టాం.’ దీని కింద పేజీ, లైను సంఖ్యలు. రివ్యూయర్ పొరపడ్డారన్న మాట ఎక్కడా లేదు, పరీక్ష సరిగ్గానే జరిగిందన్న మాట మాత్రం గట్టిగా ఉంది.

రెండో చిక్కు వాక్యాల వరుసది. మనం కారణాలన్నీ చెప్పుకొచ్చి, ‘కాబట్టి’ అని చివర నిర్ణయం చెబుతాం. తెలుగులో అది వినయంగానే ఉంటుంది. పది పదిహేను అభ్యంతరాల జవాబులు వరసగా చదివే ఎడిటర్‌కు మాత్రం నిర్ణయం మొదటి వాక్యంలోనే కనబడాలి. ఇంగ్లీషులో రాసేటప్పుడు తెలుగు పేరాలోని ఆఖరి వాక్యాన్ని తెచ్చి మొదట పెట్టండి. సగం పని అక్కడే అయిపోతుంది.

అపోహ: అన్నిటికీ ఒప్పుకుంటేనే పేపర్ అచ్చవుతుంది.

వాస్తవం: ఒప్పుకోవాల్సిన చోట పూర్తిగా ఒప్పుకోవాలి, కాదనాల్సిన చోట కారణంతో కాదనాలి. రెండో అభ్యంతరం న్యాయమైనది. ఒకే కాలంలో చేసిన సర్వే సంబంధాన్ని చూపగలదు, కారణాన్ని నిరూపించలేదు. పైగా ఉద్దానం జబ్బుకు కారణమేమిటన్నది ఇంకా తేలని ప్రశ్న. ఇక్కడ వాదించకూడదు. ‘అంగీకరిస్తున్నాం, మార్చాం’ అనాలి. అలా లేఖలో ఒప్పుకుని పేపర్ సారాంశంలో ‘కారణం’ అన్న మాటను అలాగే వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. రెండో విడతలో రివ్యూయర్ ముందు చూసేది దాన్నే. శీర్షిక, సారాంశం, ముగింపు, పట్టికల పేర్లు అన్నీ వెతికి మార్చాకే ‘మార్చాం’ అని రాయాలి.

మూడోది కాదనాల్సినది. ఇక్కడ తెలుగు మనకు చక్కగా సాయపడుతుంది. చేయలేదు, చేయలేకపోయాం, చేయకూడదనుకున్నాం. ఈ మూడింటిలో మనది ఏదో ముందు తేల్చుకోవాలి. మొదటిది నిర్లక్ష్యంలా వినబడుతుంది. రెండోది వనరుల కొరత. మన బృందానిది మూడోది. ఏ బాధా లేనివారికి కేవలం పరిశోధన కోసం కిడ్నీలో సూది గుచ్చి ముక్క తీయడం రక్తస్రావం ప్రమాదంతో కూడినది. జబ్బు ముదిరి కిడ్నీ కుంచించుకుపోయినవారిలో ఆ ముక్కలో ఎక్కువగా కనిపించేది మచ్చకట్టిన కణజాలమే, అసలు కారణం దొరకడం కష్టం. అన్నిటికీ మించి పేపర్ వేసుకున్న ప్రశ్నకు బయాప్సీ అవసరం లేదు. కాబట్టి ఇంగ్లీషు జవాబు ఇలా మొదలవ్వాలి: ‘వుయ్ చోజ్ నాట్ టు పెర్ఫార్మ్ బయాప్సీస్, ఫర్ త్రీ రీజన్స్.’ ఆ మూడు కారణాలూ ఒక్కో వాక్యంలో చెప్పి, కణజాల ఆధారం లేకపోవడాన్ని పరిమితుల విభాగంలో చేర్చామని, ఫలానా లైనులో ఉందని చెప్పాలి. అడిగింది ఇవ్వలేనప్పుడు దానికి బదులు ఏం చేశామో చూపడం ముఖ్యం. దృఢత్వమూ గౌరవమూ కలిసి కనిపించేది ఆ వాక్యంలోనే.

అపోహ: గౌరవం అంటే విశేషణాలు.

వాస్తవం: ‘గౌరవనీయులైన’, ‘అమూల్యమైన’ అన్నవాటిని ప్రతి జవాబులోనూ ఇంగ్లీషులోకి మోసుకెళ్తే చదివేవారికి విసుగు. లేఖ మొదట్లో ఒక్కసారి కృతజ్ఞత చాలు. ‘దయచేసి’కి బదులు మనం వాడే ‘కైండ్లీ’ మనకు మర్యాదగా తోచినా, బయటి దేశాల్లో చాలామందికి అది ఆజ్ఞలా వినబడుతుంది. వదిలేయడం మేలు. రివ్యూయర్ రాసిన మాటను తగ్గించకుండా, మార్చకుండా పూర్తిగా ఎత్తిరాసి దాని కిందే జవాబివ్వడం ఏ విశేషణానికీ తీసిపోని గౌరవం.

అపోహ: తీర్పు రివ్యూయర్‌దే, లేఖను ఆయన తప్ప ఎవరూ చూడరు.

వాస్తవం: నిర్ణయం ఎడిటర్‌ది. రివ్యూయర్లు ఇచ్చేది సలహా. ఇద్దరి సూచనలు పరస్పరం విరుద్ధంగా ఉంటే ఎటు వెళ్లారో, ఎందుకు వెళ్లారో లేఖలోనే చెప్పండి. సంబంధం లేని పేపర్లను ఉటంకించమని ఒత్తిడి వస్తే ఎడిటర్‌కు విడిగా రాయవచ్చు. ప్రచురణ నైతికతపై సలహాలిచ్చే కోప్ సంస్థ మార్గదర్శకాలు కూడా ఉటంకింపులు పెంచుకోవడానికే అలా అడగకూడదని రివ్యూయర్లకు చెబుతున్నాయి. ఇక గోప్యత సంగతి: ‘నేచర్’ పత్రిక 2025 నుంచి తన దగ్గరికి కొత్తగా వచ్చే పరిశోధన పత్రాలు అచ్చయినప్పుడు, వాటితోపాటు రివ్యూయర్ల నివేదికలను, రచయితల జవాబులను కూడా బయటపెడుతోంది. కోపంలో రాసిన వాక్యం ఊళ్లో అందరూ చదివే రోజులివి.

పంపేముందు రెండు పనులు చేయండి. తెలుగు ప్రతి చూడని సహోద్యోగికి ఇంగ్లీషు లేఖ ఇచ్చి, ఒక్కో జవాబులో మనం ఒప్పుకున్నామో కాదన్నామో తెలుగులో చెప్పమనండి. ఆయన తడబడిన చోట వాక్యం మెత్తబడిందని అర్థం, దాన్ని తిరగరాయండి. పేజీ, లైను సంఖ్యలను మాత్రం అన్నిటికన్నా చివర వేయండి. ఒక్క పేరా చేరినా కింది లైన్లన్నీ జరుగుతాయి, మార్పులు గుర్తించిన ప్రతిలో సంఖ్యలు శుభ్రమైన ప్రతిలోని సంఖ్యలతో కలవవు. మీరిచ్చినవి ఏ ప్రతివో లేఖ మొదట్లోనే రాయండి.