గ్రాఫిక్స్ కార్డుకు తగ్గ మానిటర్

"మామయ్యా, 180 హెర్ట్జ్ మానిటర్ కొన్నాను. పాతదానికీ దీనికీ తేడా ఏమీ కనిపించట్లేదు. షాపువాడు నన్ను ముంచాడంటావా?" మా మేనల్లుడు ఫోన్ చేసి అడిగాడు. ఆదివారం వెళ్లి మానిటర్‌ను వెనక్కి తిప్పాను. దానికి పెట్టింది పాత సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీఎంఐ కేబుల్. మానిటర్‌తో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మాత్రం కవరు కూడా చింపకుండా అట్టపెట్టెలోనే ఉంది.

వాడి కార్డు ఆర్‌టీఎక్స్ 4060. మానిటర్ 27 అంగుళాలు, రిజల్యూషన్ 2560×1440. ఆ మానిటర్‌కున్న హెచ్‌డీఎంఐ పోర్టు 2.0 రకం. ట్యాంకు ఎంత పెద్దదైనా పైపు సన్నదైతే ధార సన్నగానే వస్తుంది కదా, ఇక్కడా అంతే. హెచ్‌డీఎంఐ 2.0లో బొమ్మకు దక్కేది సెకనుకు సుమారు 14 గిగాబిట్లు. ఈ రిజల్యూషన్‌లో 144 హెర్ట్జ్ అందులో ఎలాగోలా ఇరుక్కుంటుంది. 180కి 16 గిగాబిట్లయినా కావాలి, కాబట్టి పట్టదు. డిస్‌ప్లేపోర్ట్ 1.4లో దాదాపు 26 గిగాబిట్లు వెళ్తాయి.

కేబుల్ మార్చాం. అయినా తెర మునుపటిలాగే ఉంది. ఎందుకంటే విండోస్ ఇంకా 60 దగ్గరే కూర్చుంది. Settings, System, Display, ఆ తర్వాత Advanced display లోకి వెళ్తే Choose a refresh rate అని కనిపిస్తుంది. అక్కడ 180 ఎంచుకున్నాం. మౌస్‌ను గుండ్రంగా తిప్పగానే వాడి ముఖం వెలిగింది. 60 హెర్ట్జ్‌లో ఒక్కో బొమ్మ తెర మీద 16.7 మిల్లీసెకన్లు నిలబడుతుంది, 180లో 5.6 మాత్రమే. మూడు నెలలు వాడు డబ్బు పెట్టి కొన్నదాంట్లో మూడో వంతే వాడుకున్నాడు.

అసలు వాడు కొన్నది సరైనదేనా? లెక్క వేద్దాం. 1920×1080 తెరలో సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి. 2560×1440లో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. ఒక్కో బొమ్మకు కార్డు ఇన్ని చుక్కలకూ రంగు వేయాలి. అలాగని పని ఇదే నిష్పత్తిలో పెరగదు, ఎందుకంటే కొంత భారం రిజల్యూషన్‌తో సంబంధం లేనిది. వాడి దగ్గరున్న ఒక బరువైన ఆటలో 1080లో 90 ఫ్రేములు వస్తుంటే, 1440లో 60 చిల్లర వచ్చాయి. అదే 4కే తెర కొని ఉంటే సెట్టింగులన్నీ దించుకుని ఆడాల్సి వచ్చేది. వాలరెంట్ లాంటి తేలికైన ఆటల్లో మాత్రం ఇదే కార్డు 1440లోనూ 180 దాటేస్తుంది. అంటే ఆడేది ఏమిటో తెలియకుండా హెర్ట్జ్ నిర్ణయించలేం. ఫ్రేములు ఎగుడుదిగుడుగా వచ్చే బరువైన ఆటలకు ఫ్రీసింక్ లేదా జీసింక్ ఉంటే తెర తన వేగాన్ని కార్డు వేగానికి సర్దుకుంటుంది, బొమ్మ మధ్యలో చీలినట్టు కనిపించదు. ఆ సదుపాయం లేని మానిటర్‌ను నేనైతే కొనను.

27 అంగుళాల తెర మీద 1080 రిజల్యూషన్ తీసుకోవద్దని కూడా చెబుతాను. అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. 1080కి 24 అంగుళాలు చాలు.

ప్యానెల్ సంగతికి వస్తే, ఐపీఎస్‌లో రంగులు పక్క నుంచి చూసినా పెద్దగా మారవు. కానీ చీకటి గదిలో దాని నలుపు బూడిద రంగులా ఉంటుంది. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది. అయితే చాలా వీఏ తెరల్లో చీకటి దృశ్యాల్లో కదిలే వస్తువు వెనక మసి పూసినట్టు చార కనిపిస్తుంది. ఓఎల్‌ఈడీ రెంటినీ మించినదే, కానీ ఖరీదు ఎక్కువ. పైగా రోజంతా కదలని టాస్క్‌బార్ ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే దాని ముద్ర పడే ప్రమాదం ఉంది. పగలు ఎక్సెల్, రాత్రి ఆట అయితే ఐపీఎస్‌తో సరిపెట్టుకోవడమే నయం.

కొనేవాళ్లు ఒకచోట జాగ్రత్తపడాలి. పెట్టె మీద హెచ్‌డీఎంఐ 2.1 అని ఉన్నంత మాత్రాన ధార పెద్దదని అర్థం కాదు. పాత 2.0 సామర్థ్యమే ఉన్న పోర్టుకు కూడా ఆ పేరు పెట్టుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. కాబట్టి పోర్టు పేరు వదిలేసి, స్పెసిఫికేషన్లలో ఏ పోర్టుకు ఎన్ని హెర్ట్జ్ రాశారో చూడండి.

మీ ఇంట్లోనూ గేమింగ్ పీసీ ఉంటే ఇవాళే ఒకసారి సీపీయూ వెనక చూడండి. మానిటర్ కేబుల్ పైన మదర్‌బోర్డుకు పెట్టి ఉంటే, కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు పోర్టుల్లోకి మార్చండి. పైసా ఖర్చు లేదు.