నూటికి ముప్పై మూడు - ఎందులో?

కొత్తగూడెంలో సింగరేణి బొగ్గు గనుల కంపెనీ ప్రధాన కార్యాలయం ఉంది. దసరా దగ్గర పడిందంటే చాలు, బొగ్గుబావుల ఊళ్ళల్లో ఒకటే మాట. "ఈసారి లాభాల వాటా ఎంత శాతం?" కంపెనీకి వచ్చిన లాభంలో కొంత కార్మికులకు పంచుతారు. ఆ కొంత ఎంతో శాతంలో చెబుతారు.

ఉద్యోగాల కోసం పోటీ పరీక్షలు రాసే పిల్లలకు కూడా ఇట్లాంటి లెక్కలే వస్తాయి. ప్రశ్నపత్రంలో ఒక గుండ్రని బొమ్మ ఉంటుంది. దాన్ని ముక్కలుగా గీసి, ఒక్కో ముక్కలో ఒక అంకె వేస్తారు. దాన్ని పై చార్టు అంటారు.

శాతం అంటే నూటికి ఎంత అని. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే చదువు రాని వాళ్ళకు కూడా తెలుసు. వంద రూపాయలకు రెండు రూపాయలు. అదే రెండు శాతం. రాసేటప్పుడు 2% అని రాస్తారు.

గుండ్రని బొమ్మను ఒక రొట్టె అనుకోండి. రొట్టె మొత్తం 100 శాతం. సగం 50 శాతం. నాలుగో వంతు 25 శాతం. సింగరేణిలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం వాటా, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్నాయి. దీన్ని బొమ్మగా గీస్తే రెండు ముక్కలూ సమానంగానే కనబడతాయి. అందుకే కంటిచూపును నమ్మకూడదు, అంకెను చదవాలి. సెల్‌ఫోనులో వచ్చే బొమ్మ అయితే ఒక్కోసారి సాగి కోడిగుడ్డులాగా ఉంటుంది. అప్పుడు అసలే నమ్మకూడదు.

కొన్ని బొమ్మల్లో శాతం ఉండదు, డిగ్రీలు ఉంటాయి. గుండ్రం చుట్టూ మొత్తం 360 డిగ్రీలు. అంటే 10 శాతానికి 36 డిగ్రీలు. 72 డిగ్రీలు అని ఉంటే అది 20 శాతం అన్నమాట.

ఇప్పుడు నిజంగా జరిగిన లెక్క ఒకటి చూడండి. 2023-24 సంవత్సరానికి సింగరేణి లాభం 4,701 కోట్ల రూపాయలు అని 2024 సెప్టెంబరులో ప్రకటించారు. అందులో 2,289 కోట్లు కంపెనీ విస్తరణకు పక్కన పెట్టారు. మిగిలింది 2,412 కోట్లు. ఈ మిగిలిన దాంట్లో 33 శాతం కార్మికులకు ఇస్తామన్నారు.

మరి కార్మికుల వాటా ఎంత? ముందు 10 శాతం కట్టాలి. 2,412లో పదో వంతు సుమారు 241 కోట్లు. 30 శాతం కావాలంటే దానికి మూడింతలు, 723 కోట్లు. ఇక 1 శాతం అంటే నూరో వంతు, సుమారు 24 కోట్లు. 3 శాతానికి 72 కోట్లు. 723, 72 కలిపితే 795. మధ్యలో వదిలేసిన పైసలు కూడా కలిపితే 796 కోట్లు. ప్రకటించింది కూడా అంతే. కాగితం కలం లేకుండా నోటితోనే కట్టే పద్ధతి ఇది. పరీక్షలో టైము కలిసొస్తుంది.

తప్పు జరిగేది ఎక్కడంటే, 33 శాతం అనగానే కొందరు 4,701లో లెక్క కడతారు. అప్పుడు 1,551 కోట్లు వస్తుంది. కూడిక, గుణకారం అన్నీ సరిగ్గానే ఉంటాయి. జవాబు మాత్రం తప్పు. ప్రశ్న తయారు చేసే వాళ్ళకు ఈ సంగతి తెలుసు. నాలుగు జవాబుల్లో 1,551 కూడా పెడతారు. "మిగిలిన దాంట్లో" అన్న మాట చదవకుండా పోయినవాళ్ళు దానికే గుర్తు పెడతారు.

ఇది పరీక్షకే పరిమితమైన సంగతి కాదు. ఆ ఏడు కార్మిక సంఘాలు కూడా ఈ మాటే లేవనెత్తాయి. వాటాను మొత్తం లాభం మీద కట్టాలని అడిగాయి. 796 కోట్లు 4,701 కోట్లలో ఎంత శాతం? 4,701లో 1 శాతం అంటే 47 కోట్లు. 796లో 47లు ఎన్ని ఉన్నాయో చూడాలి. పదహారు దాటి, పదిహేడుకు కొంచెం తక్కువ. అంటే సుమారు 17 శాతం. డబ్బు అదే. 2,412ను మొత్తం రొట్టె అనుకుంటే అది మూడో వంతు ముక్క. 4,701ని మొత్తం అనుకుంటే ఆరో వంతు ముక్క.

ఈ లెక్కను ఒకే బొమ్మలో గీయాలంటే మూడు ముక్కలు కావాలి. విస్తరణకు సుమారు 49 శాతం, కార్మికులకు 17 శాతం. మిగతా 1,616 కోట్లకు 34 శాతం. మూడూ కలిపితే 100 వస్తుంది. రాకపోతే ఏదో ఒక ముక్క తప్పు కట్టినట్టు.