అక్క పోస్టు పెట్టడానికి మూడు నెలలు ఎందుకు ఆగింది?

పోయిన ఆదివారం పొద్దున్నే అక్క పోస్టు పెట్టింది. మా పెద్దమ్మ కూతురు. కళ్యాణదుర్గం వైపు ఒక చిన్న షెడ్డులో శెనక్కాయలు వేయించి ప్యాకెట్లు చేసే యూనిట్ నడుపుతుంది. టెక్స్‌ట్‌బుక్కుల్లో వేరుశనగ, మా అనంతపురంలో మాత్రం శెనక్కాయలే. ఒక రోస్టర్, ఒక సీలింగ్ మెషిన్, పదకొండు మంది ఆడవాళ్లు. యూనిట్ అంటే అంతే.

పోస్టు ఇలా మొదలైంది: "మన ఊరి శెనక్కాయలు అమెరికా షాపులోకి చేరినాయి. ఇది మా మొదటి ఎక్స్‌పోర్ట్ ఆర్డర్. వెయ్యి కిలోలు. గర్వంగా ఉంది, దాచుకోను. కానీ ఈ సరుకును కాపాడింది నేను కాదు, పదకొండు మంది చేతులు."

కింద పదకొండు మంది పేర్లూ రాసింది. ఒక్కొక్కరు ఏం చేశారో కూడా రాసింది. నేను ఆ పేర్లు ఇక్కడ రాయడం లేదు. కానీ ఆ పోస్టు మొదటి డ్రాఫ్ట్ నాకు తెలుసు. ఆర్డర్ వచ్చిన రాత్రే టైప్ చేసి, తప్పులు చూడమని నాకు పంపింది. అందులో పదకొండు మంది లేరు. "నేను" అన్న మాట మాత్రం ఏడుసార్లు ఉంది. ఆ డ్రాఫ్టుకూ ఈ పోస్టుకూ మధ్య మూడు నెలల్లో ఏం జరిగిందో చెప్తాను.

ఆర్డర్ ఏమిటంటే, ఉప్పు లేకుండా వేయించి పొట్టు తీసిన శెనక్కాయలు. నాలుగు వందల గ్రాముల ప్యాకెట్లు 2,500. అట్టపెట్టెకు 25 చొప్పున వంద పెట్టెలు. కొనేది అమెరికాలో మనవాళ్ల షాపులకు సరుకు వేసే ఒక హోల్‌సేలర్. 30 శాతం అడ్వాన్స్, మిగతా డబ్బు సరుకు అక్కడ చేతికందాక.

కాగితాల పని అందరూ భయపెట్టినంత లేదు. ఐఈసీ కోడ్ ఆన్‌లైన్‌లో 500 రూపాయలకు వస్తుంది, నంబర్ మన పాన్ నంబరే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ ముందే ఉంది. అమెరికాకు తిండి వస్తువు పంపాలంటే తయారయ్యే చోటును అక్కడి ఎఫ్‌డీఏ దగ్గర రిజిస్టర్ చేయాలి, అక్కడ ఉండే ఒక ఏజెంటు పేరు ఇవ్వాలి. సరుకు చేరకముందే "ఫలానాది వస్తోంది" అని నోటీస్ పెట్టాలి. లేబుల్ మీద ఇందులో వేరుశనగ ఉందని అలర్జీ హెచ్చరిక ఉండాలి. ఇవన్నీ ఫారాలు. ఓపికుంటే అయిపోతాయి.

ఓపికతో అవ్వనిది ఒకటుంది. దాని పేరు అఫ్లటాక్సిన్. ఒక రకం బూజు తయారుచేసే విషం ఇది, లివర్ క్యాన్సర్‌కు కారణమవుతుంది. కంటికి కనిపించదు. వేయించితే కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. అమెరికాలో మనుషుల తిండిలో దీని హద్దు 20 పీపీబీ, అంటే వంద కోట్ల పాళ్లలో 20 పాళ్లు. అక్క ఆర్డర్‌లో కొనేవాళ్లు 15 దాటకూడదని రాశారు.

ఈ విషయంలో మన నేలే మనకు ఇబ్బంది. శెనక్కాయ చెట్టు పచ్చిగా ఉన్నంతకాలం గింజ తన కాపలా తానే కాసుకుంటుంది. బూజును అడ్డుకునే పదార్థాలను తయారు చేసుకుంటుంది. కోతకు ముందు మూడు నాలుగు వారాలు వాన పడకపోతే నేల కాగి, గింజలో నీళ్లు తగ్గి, ఆ కాపలా ఆగిపోతుంది. బూజు మాత్రం ఆ వేడిలోనే హాయిగా పెరుగుతుంది. పంట చివర్లో వాన మొహం చాటేయడం అనంతపురంలో ఎంత మామూలో చెప్పక్కర్లేదు కదా. పైగా మిషన్లో కాయలు ఒలిచేటప్పుడు గింజ పగలకుండా ఉండాలని కాయల మీద నీళ్లు చల్లే అలవాటు ఒకటుంది. ఆ తడి ఆరకుండా మూటలు కట్టేస్తే, పొలంలో మొదలైంది గోడౌన్లో పెద్దదవుతుంది.

అక్క 1,250 కిలోల పప్పు కొనింది. అందులోంచి ఒక పావు కిలో కవర్లో వేసి ల్యాబ్‌కు పంపింది. రిపోర్ట్ వచ్చింది: ఏమీ కనిపించలేదు. ఆ రాత్రే పోస్టు పెట్టేయబోయింది. అదే టైమ్‌కు కొనేవాళ్ల మెయిల్ వచ్చింది. పావు కిలో చాలదు, అన్ని మూటల్లోంచి కొంచెం కొంచెం తీసి మొత్తం పది కిలోలు చేయండి, ఆ పది కిలోలూ కలిపి పిండి చేశాక అందులోంచి టెస్ట్ చేయించండి అని.

రెండో రిపోర్ట్: 22 పీపీబీ. ఫెయిల్.

అక్క నాకు ఫోన్ చేసింది. "ఏం రా ఇది, అవే మూటలు, అదే ల్యాబ్. పోయిన వారం సున్నా అని, ఇప్పుడు 22 అంటారేమి? ఎవురు అబద్ధం చెప్తాన్నారు?"

ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఈ విషం ఉప్పు కలిసినట్టు అన్ని గింజల్లోనూ సమానంగా ఉండదు. వేలల్లో ఒక గింజకు పడుతుంది, పట్టిన గింజలో మాత్రం విపరీతంగా ఉంటుంది. నేను అక్కకు ఫోన్లోనే లెక్క కట్టి చెప్పాను. మీరూ చూడండి.

ఐదు వేల గింజల్లో ఒకటి చెడింది, ఆ ఒక్కదానిలో లక్ష పీపీబీ ఉంది అనుకుందాం. మిగతా 4,999 శుభ్రం. మొత్తం కలిపితే సగటు ఎంత? లక్షను ఐదు వేలతో భాగిస్తే 20. అంటే ఐదు వేలకు ఒక్క గింజ చాలు, సరుకంతా హద్దు మీదికి రావడానికి.

ఇప్పుడు గింజ బరువు 0.4 గ్రాములు అనుకుంటే, పావు కిలోలో 625 గింజలు. ఐదు వేలకు ఒకటి ఉన్న ఆ చెడ్డ గింజ ఈ 625లో పడే అవకాశం వందలో 12 మాత్రమే. 88 సార్లు రిపోర్ట్ సున్నా అనే వస్తుంది, సరుకు చెడ్డదైనా సరే. పది కిలోలైతే 25,000 గింజలు. అందులో సుమారు ఐదు చెడ్డవి ఉంటాయి. ఒక్కటీ దొరక్కుండా తప్పించుకునే అవకాశం వందలో ఒకటి కూడా లేదు. మా ఆఫీసులో రెండు టెస్ట్ కేసులు రాసి "బగ్స్ లేవు" అని రిలీజ్ చేసేవాళ్లను చూశాను. అక్క మొదటి రిపోర్ట్ సరిగ్గా అలాంటిదే.

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "అయితే ఆ ఒక్క గింజను పట్టుకుంటే చాలు కదా?"

ప్రశ్న సరైనదే. విషం కనిపించదు కానీ, విషం పట్టిన గింజ చాలాసార్లు ఏదో ఒక గుర్తు చూపిస్తుంది. ముడుచుకుపోయి ఉంటుంది, రంగు మారి ఉంటుంది, పొట్టు చిట్లి ఉంటుంది, పురుగు కొట్టి ఉంటుంది. పెద్ద కంపెనీల్లో ఈ ఏరివేతకు కెమెరాలున్న కలర్ సార్టర్లు ఉంటాయి. అక్క దగ్గర పదకొండు మంది ఉన్నారు.

నాలుగు రోజులు ఏరారు. తెల్ల గుడ్డ పరిచి, వెలుతురు ఉన్నంతసేపే, గంటకోసారి ఇద్దరిద్దరు లేచి కళ్లకు విశ్రాంతి ఇస్తూ. 1,250 కిలోల్లో 110 కిలోలు పక్కకు పోయాయి. మిగిలింది వేయించి పొట్టు తీశాక, వాళ్లలో పెద్దామె ఒకామె అక్కను పిలిచిందట. "పాపా, పొట్టు పోయినాక చూడు, లోపల నల్లమచ్చ ఉండేవి ఇప్పుడు బయటపడతాన్నాయి. మళ్లా ఏరాల" అని. అక్క సరేనంది. ఇంకో 25 కిలోలు పోయాయి. పెద్ద ఫ్యాక్టరీలూ చేసేది ఇదే. పొట్టు తీశాక రంగు తేడా బాగా తెలుస్తుంది కాబట్టి రెండోసారి ఏరతారు. ఆమెకు అది ఎవరూ చెప్పలేదు. నాలుగు రోజులు గింజలనే చూసిన కన్ను చెప్పింది.

మళ్లీ పది కిలోల శాంపిల్. రిపోర్ట్: 5 పీపీబీ.

పొట్టూ తేమా పోను మిగిలింది 1,020 కిలోల చిల్లర. శాంపిల్ పది కిలోలు తీసేసినా ఆర్డర్‌కు సరిగ్గా సరిపోయింది.

ఇక్కడ ఇంకో పరీక్ష ఉంది, దానికి ల్యాబ్ లేదు. ఏరి పక్కన పెట్టిన 135 కిలోలు ఏం చేయాలి? గానుగకు కొంటానని ఒకాయన వచ్చాడు. మంచి పప్పు కిలో 110 అయితే దీనికి సగం ఇస్తానన్నాడు. ఏడు వేల చిల్లర, ఆ నెలలో అక్కకు అది చిన్న డబ్బు కాదు. కానీ గానుగాడితే విషంలో కొంత నూనెలోకి, ఎక్కువ భాగం చెక్కలోకి పోతుంది. ఆ చెక్క ఆవు తింటే, విషం రూపం మార్చుకుని పాలల్లోకి వస్తుంది. అమెరికాకు పనికిరానిది మన ఊరి పిల్లల పాలల్లోకి పోతుందన్నమాట. అక్క అమ్మలేదు. గుంట తీసి పూడ్పించింది. పప్పు ధరతో చూస్తే దాదాపు 15 వేలు మట్టిలో. ఏరిన నాలుగు రోజుల కూలీ అదనం. మొదటి ఆర్డర్‌లో అనుకున్న లాభంలో చాలా భాగం అక్కడే పోయింది.

వంద పెట్టెలు చెన్నై పోర్టుకు లారీలో వెళ్లాయి. మొత్తం కంటైనర్ నిండేంత సరుకు కాదు కాబట్టి వేరేవాళ్ల సరుకుతో కలిపి వెళ్లే పద్ధతి. ఈ జిల్లా సరుకు సముద్రం దాటడం కొత్తేమీ కాదు. 2020 జనవరి చివర్లో తాడిపత్రి నుంచి ముంబై జేఎన్‌పీటీ పోర్టుకు 43 రిఫ్రిజిరేటెడ్ కంటైనర్లతో అరటిపళ్ల రైలే కదిలింది. దాని ముందు వంద పెట్టెలు ఎంత? కానీ ఆ వంద పెట్టెలు వెనక్కి వస్తే అక్క షెడ్డు మూతపడేది. అందుకే ఓడ ఎక్కినప్పుడూ పోస్టు పెట్టలేదు. సరుకు అక్కడ క్లియర్ అయి, మిగతా 70 శాతం డబ్బు బ్యాంకులో పడిన మెసేజ్ వచ్చాకే డ్రాఫ్ట్ తెరిచింది.

తెరిచి, మొత్తం చెరిపేసి కొత్తగా రాసింది. పెద్దామె గురించి ఇలా ఉంది: "పొట్టు తీసినాక మళ్లా ఏరాలని చెప్పింది ఈయమ్మే. ఆ మాట నేను వినకపోయింటే ఈ పోస్టు ఉండేది కాదు." సీలింగ్ మెషిన్ దగ్గర పనిచేసే అమ్మాయి గురించి: "2,500 ప్యాకెట్లు, ఒక్క లీకు లేదు." చివర్లో పావు కిలో రిపోర్ట్ సంగతి కూడా దాచకుండా రాసి, "నాలాగ మొదటిసారి పంపేవాళ్లు పిడికెడు గింజలు చూసి సంబరపడొద్దు" అంది.

నేను ఫోన్ చేసి, "అక్కా, ఫెయిలైన రిపోర్ట్ సంగతి ఎందుకు పెట్టినావు, కొనేవాళ్లు చూస్తారు కదా" అన్నాను.

"చూడనీలేరా. 22ను 5 చేసినోళ్లు మా దగ్గర ఉన్నారని తెలుస్తుంది."

రెండో ఆర్డర్‌కు పప్పు కొనే పని మొదలైంది. ఈసారి డబ్బు కట్టకముందే పది కిలోల శాంపిల్. ఒలిచేటప్పుడు కాయల మీద నీళ్లు చల్లారా లేదా అని అడిగేది అక్క కాదు, ఆ పెద్దామె. మూటలో చెయ్యి పెట్టి చూసి ఆమె ఊ అంటేనే బేరం.