మీకు తెలుసా? పొద్దుటి నోటి వాసన గుట్టు నాలుక వెనకాల ఉంది!

నిద్ర లేవగానే నోరు వాసన వేస్తోందా? వెంటనే పొట్టను అనుమానించకండి! నోటి దుర్వాసనతో బాధపడేవాళ్ళు 10 మంది ఉంటే, వాళ్ళలో 8, 9 మందికి వాసన పుట్టేది నోట్లోనే! అందులోనూ పెద్ద వాటా నాలుకదే! మనమేమో పళ్ళను మెరిసేదాకా తోముతాం. నాలుకను మాత్రం హడావుడిగా ఒక గీత గీసి పుక్కిలించేస్తాం!

ఇంకో వింత వినండి! మన నోట్లో రోజుకు అర లీటరు నుంచి 1.5 లీటర్ల దాకా లాలాజలం ఊరుతుంది. నోటిని పగలంతా కడిగేది అదే! కానీ మనం నిద్రపోగానే ఆ ఊట దాదాపు ఆగిపోతుంది! కడిగేవాళ్ళు లేని నోట్లో సూక్ష్మజీవులకు రాత్రంతా విందే. రాలిన కణాలు, మిగిలిన మెతుకుల నలుసులు, ముక్కు వెనక నుంచి జారిన చీమిడి... ఏదీ వదలవు! అందుకే పాచి నోరు అందరికీ ఉంటుంది. అది జబ్బు కాదు!

మరి ఆ కంపు దేనిది? ముఖ్యంగా 2 గంధకపు వాయువులది! మొదటిది హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దీనిదే! రెండోది మిథైల్ మెర్కాప్టాన్. దీని సోదరి మీ వంటింట్లోనే ఉంది! సిలిండర్ గ్యాస్ కారితే తెలియాలని కలిపే ఘాటు వాసన ఉంది చూశారా, అది ఇథైల్ మెర్కాప్టాన్! గ్యాస్ బండ వాసనకూ పాచి నోటికీ చుట్టరికం ఉందంటే నమ్ముతారా?

ఇప్పుడు అద్దం ముందు నాలుక చాపండి. నున్నగా కనిపిస్తోందా? కాదు! దాని మీదంతా సన్నని నూగు మొలకలు! కొబ్బరి పీచు కాలిపట్టను తలుచుకోండి, అచ్చం అలాగే! ఆ మొలకల సందుల్లో పాచి ఇరుక్కుంటుంది. కొన అన్నానికి, పళ్ళకు రాసుకుని తనంతట తనే శుభ్రపడుతుంది. వెనక భాగానికి ఆ అవకాశం లేదు! అందుకే నాలుకను 3 భాగాలు చేస్తే, అద్దంలో సరిగా కనబడని ఆ వెనక భాగం మీదే పాచి దట్టంగా ఉంటుంది!

అసలు పోటీకి వద్దాం! నాలుకను బ్రష్‌తో తోమాలా, బద్దతో గీసుకోవాలా? 2004లో అచ్చయిన బ్రెజిల్ దంత వైద్యుల ప్రయోగంలో ఈ రెండింటికీ పందెం పెట్టారు. బ్రష్‌తో తోమితే గంధకపు వాయువులు 45 శాతం తగ్గాయి. బద్దతో గీస్తే 75 శాతం తగ్గాయి! అయితే ఇది కేవలం పది మందితో చేసిన చిన్న పరీక్ష. ఆ సంగతీ గుర్తుంచుకోండి!

ఎందుకంటే అంతకు మూడేళ్ళ ముందు వచ్చిన మరో ప్రయోగంలో తేడా ఇంత లేదు! అందులో బ్రష్‌కు 33 శాతం, బద్దకు 40 శాతం. బద్దే గెలిచింది, కానీ కాస్త తేడాతోనే! నా లెక్క ఇది: బద్ద దొరికితే బద్దే వాడండి. ఊరెళ్ళినప్పుడు మరిచిపోయారా? బ్రష్‌తో చేయండి, కంగారు లేదు!

బద్ద ఎందుకు గెలుస్తుంది? తడి నేల మీద చీపురు వేస్తే ఏమవుతుంది? నీళ్ళు అటూ ఇటూ చెదురుతాయి. వైపర్‌తో లాగితే? ఒక్క ఊపులో తూము దగ్గరికి వచ్చేస్తాయి! బ్రష్ చీపురు, బద్ద వైపర్! బ్రష్ కుచ్చు గట్టి పళ్ళ కోసం చేసింది. మెత్తని నాలుక మీద అది పాచిని కొంత తీసి, కొంత పులుముతుంది. పైగా ఎత్తు ఒకటి! కుచ్చుతో కలిపి బ్రష్ తల 1 సెంటీమీటరు దాటుతుంది. అది అంగిలికి తగలగానే డోకు వస్తుంది! బద్ద పలుచన. చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళి వస్తుంది!

ఇది చదివి మాత్రం తప్పక ఆశ్చర్యపోతారు! బద్దతో గీస్తే సూక్ష్మజీవులన్నీ పోతాయనుకుంటున్నారా? పోవు! 16 మంది రెండు వారాల పాటు నాలుక శుభ్రం చేసుకుంటే పాచి తగ్గింది, సూక్ష్మజీవుల లెక్క మాత్రం పెద్దగా మారలేదు! మరి వాసన ఎలా తగ్గుతుంది? మనం తీసేది వాటి తిండిని! కంచం లాగేశాక విందు ఎక్కడిది! అందుకే రక్తం వచ్చేలా గీకినా అదనపు లాభం సున్నా!

సరే, ముందు మీ నాలుకను పరీక్షించండి! పళ్ళు తోమకముందు ఒక ప్లాస్టిక్ చెంచాను బోర్లించి, నాలుక వెనక నుంచి ముందుకు మెల్లగా లాగండి. 30 సెకన్లు ఆగండి. ఇప్పుడు వాసన చూడండి! మన నోటి వాసన మన ముక్కుకు అలవాటైపోయి తెలియదు. చెంచా మీదకు రాగానే ఇట్టే తెలిసిపోతుంది! చెంచాకు అంటినది పసుపుగా, చిక్కగా ఉండి గుప్పుమందా? మీ నాలుకకు బద్దతో పనుంది! పారదర్శకంగా, వాసన లేకుండా ఉందా? అయితే రోజూ తేలికగా ఒకసారి గీస్తే చాలు!

ఇక గీసే పద్ధతి. ముందు పళ్ళు తోముకుని పుక్కిలించండి. బద్దను తడపండి. నాలుకను బిగపట్టకుండా వదులుగా బయటికి చాపండి. బద్దను మొదటి రోజే గొంతు దాకా తోయకండి! నడిమి నుంచి మొదలుపెట్టి, రోజుకు కాస్త కాస్త వెనక్కి జరపండి. వారం, 10 రోజుల్లో డోకు చాలావరకు తగ్గిపోతుంది! ఒక చిన్న రహస్యం చెప్పనా? బద్ద వెనక పెట్టేటప్పుడు నోటితో మెల్లగా ఊపిరి వదలండి. డోకు తగ్గుతుంది!

ఎంత ఒత్తాలి? దీన్ని చేతి మీదే తేల్చుకోండి! మోచేతి లోపలి మెత్తని చర్మం మీద బద్దను లాగి చూడండి. గీత ఎర్రబడితే అది ఎక్కువ! ఎర్రబడకుండా బద్ద అంచు చర్మాన్ని తాకుతూ జారిందా? నాలుకకూ అంతే బరువు! వెనక నుంచి ముందుకు ఒకే లాగుడు. ముందు నుంచి వెనక్కి తోయడం వద్దే వద్దు! ప్రతి లాగుడుకూ బద్దను కుళాయి కింద కడగండి. ఇలా 4 సార్లు. నడుమ రెండు, పక్కల చెరొకటి. రోజుకు ఒక్కపూట, పొద్దున్నే! ఆ తర్వాత కూడా నాలుక మీద పలుచని తెలుపు మిగులుతుంది. మిగలనివ్వండి! ఆ నూగు మొలకల సహజమైన రంగే అది! తెల్లగా ఉందని ఇంకా ఇంకా గీకితే నాలుక పుండు కావచ్చు.

బాగా వెనకాల గుండ్రని బొడిపెలు కనిపించాయా? హడలిపోకండి! అవి కురుపులు కావు! రుచి చెప్పే మొగ్గలున్న బొడిపెలు అవి. తిరగేసిన V ఆకారంలో వరుసగా 8 నుంచి 12 దాకా, అందరికీ ఉంటాయి! పాచి అనుకుని వాటిని గీకితే నొప్పి తప్ప ఏమీ మిగలదు. ఆ వరుస కనబడగానే బద్ద అక్కడే ఆగాలి!

బద్ద లేదా? మెత్తటి కుచ్చు బ్రష్ తీసుకోండి. పేస్టు వద్దు! నురగ వస్తే డోకు పెరుగుతుంది, పాచి పోయిందో లేదో కనబడదు. ఉత్త నీళ్ళతో, వెనక నుంచి ముందుకు 5, 6 సార్లు తేలికగా లాగి పుక్కిలించండి. మన ఊళ్ళలో పెద్దవాళ్ళు చేసేది చూశారా? వేప పుల్లతో పళ్ళు తోముకుని, అదే పుల్లను నిలువునా రెండుగా చీల్చి, వంచి నాలుక గీసుకుంటారు. బ్రష్షూ బద్దా ఒకే పుల్లలో! చీల్చిన అంచుకు పేడు లేకుండా చూసుకుంటే సరి.

రాగి బద్దా, స్టీలు బద్దా, ప్లాస్టిక్ బద్దా? అంచు నున్నగా ఉంటే ఏదైనా ఒకటే! వేలితో తడిమి చూడండి. గరుకు తగిలినా, వంకర పోయినా పారేయండి! ప్లాస్టిక్‌దైతే బ్రష్‌తో పాటే 3 నెలలకోసారి మార్చేయండి. రాగిది నల్లబడితే చింతపండు పెట్టి తోమండి, తళతళలాడుతుంది! ఇంటిల్లిపాదికీ ఒకే బద్ద మాత్రం వద్దు. ఎవరిది వాళ్ళకే!

కొన్ని నాలుకలకు బద్ద తగలకూడదు! నోటిపూత ఉన్నప్పుడు, వేడి కాఫీకి నాలుక కాలినప్పుడు మానేయండి. తెలుపు గీకితే ఊడి, కింద ఎర్రగా మంట పుట్టిందా? అది బూజు జాతి ఇన్ఫెక్షన్ కావచ్చు. ఎంత గీసినా ఊడని తెల్ల మచ్చ ఉందా? గుట్కా, ఖైనీ, పొగాకు అలవాటున్నవాళ్ళు దీన్ని అస్సలు పాచి అనుకోకూడదు! అలాంటి మచ్చ 2 వారాలు దాటినా పోకపోతే దంత వైద్యుడికి చూపించాల్సిందే.

ఇప్పుడు బద్ద హద్దు కూడా చెప్పాలి! ఇందాక చెప్పిన రెండో ప్రయోగంలో బ్రష్‌దైనా బద్దదైనా ప్రభావం 30 నిమిషాలు దాటలేదు! అవును, అర గంటే! మరి గీసుకోవడం దండగా? కాదు! ఆ అర గంటలో మీరు టిఫిన్ తింటారు. నమిలే కొద్దీ లాలాజలం ఊరుతుంది, మిగతా పని అది అందుకుంటుంది! ఖాళీ కడుపుతో కాఫీ మాత్రమే తాగి పరుగెత్తేవాళ్ళకే వాసన త్వరగా తిరిగొస్తుంది. రోజంతా వదలని కంపు అయితే అది నాలుక ఒక్కదాని పని కాకపోవచ్చు. చిగుళ్ళ నుంచి రక్తమో, పిప్పి పన్నో, టాన్సిల్ గుంటల్లో గట్టిపడిన తెల్ల ముద్దలో వెతకాలి!

చివరగా ఇంకో తీపి కబురు! ఆ 16 మంది ప్రయోగం గుర్తుందా? సూక్ష్మజీవులు తగ్గలేదు కదా, మరొకటి మారింది! రెండు వారాలకు వాళ్ళకు రుచి మెరుగ్గా తెలిసింది. బద్ద వాడినప్పుడు ఇంకాస్త మెరుగ్గా! 14 రోజులు మెల్లగా గీసుకుని, పదిహేనో రోజు ఇంట్లో పెట్టిన పప్పుచారు ఒక గుటక తాగి చూడండి. ఉప్పు ఎప్పటికన్నా ఎక్కువ తగిలిందా? వంట చేసినవాళ్ళను అనకండి!