జారుడుబల్ల మీంచి పడితే టీచర్ ఏం రాయాలి?

ఇంటర్వెల్‌లో మూడో తరగతి పాప జారుడుబల్ల మెట్ల మీంచి పడిందనుకుందాం. ‘ఎవరో తోసేశారు’ అంటారు తోటి పిల్లలు. టీచర్ కళ్లారా చూడకపోతే, అది పిల్లలు చెప్పిన మాటగానే నివేదికలోకి ఎక్కాలి.

‘చిన్న దెబ్బే’ అన్న తీర్పు డాక్టరుకు అక్కరకు రాదు. 10.40కి నాలుగో మెట్టు నుంచి గట్టినేల మీద పడింది, నుదుటికి ఎడమవైపు బొప్పి కట్టింది, స్పృహ తప్పలేదు, తడిగుడ్డ అద్దాం, 10.50కి అమ్మకు ఫోన్ చేశాం: ఇవి కావాలి.

తలదెబ్బ లక్షణాలు కొన్ని గంటల తర్వాతా బయటపడొచ్చు. అందుకే వాంతులు, పెరిగే తలనొప్పి, విపరీతమైన మగత, తడబడే మాట కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని తల్లిదండ్రుల ప్రతిలో రాయాలి.

బడి ప్రతిలో ఇంకొంత ఉంటుంది: మెట్టు ఊగుతోందా, కింద ఇసుక ఉందా, బాగుచేసేదాకా పిల్లలు ఎక్కకుండా తాడు కట్టారా.